హిందూపురం దాటిపోతున్న ఆపరేటర్

(స్టూడియో చర్చలో ఒక భాగం)

యాంకర్: హిందూపురం లాంటి ఊళ్లో చిన్న టర్నింగ్ షాపుకి సీఎన్‌సీ ఆపరేటర్ దొరకడం ఎందుకింత కష్టంగా ఉంది? ముందు మీరు చెప్పండి సార్.

షాపు యజమాని: మావి నాలుగు సీఎన్‌సీ లేత్‌లు, అంటే లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే కంప్యూటర్ మెషిన్లు. పిల్లలు రైలెక్కితే బెంగళూరు, ఇటు వెళ్తే పెనుకొండ దగ్గర కియా. మన పేరు పదిమందికీ తెలియాలని ఒక వీడియో తీయించాను. గేటు, పూలకుండీలు, కొత్త బోర్డు, కింద ‘మంచి జీతం’ అని రాశాం. ఆరుగురు చేరారు. మూడు నెలలకి ఒక్కడు మిగిలాడు.

యాంకర్: ఏం జరిగింది?

ఆపరేటర్: మేమెవరం వీడియో చూసి చేరం మేడం. ఆ షాపులో మానేసినవాడికి ఫోన్ చేస్తాం. జీతం ఏ తారీఖున పడుతుంది, ఓటీ డబులా సింగిలా, మెషిన్ సెట్టింగ్ నేర్పుతారా అని అడుగుతాం. మూడోదే అసలు సంగతి. మెషిన్‌లో ముక్క పెట్టి బటన్ నొక్కడమే పని అయితే ఐదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాం. లోహాన్ని కోసే ఇన్‌సర్ట్ అరిగినప్పుడు ఆ మేరకు మెషిన్‌లో టూల్ కొలత, అంటే ఆఫ్‌సెట్ సరిచేయడం, ఫస్ట్ పీస్ మైక్రోమీటర్‌తో చూసుకోవడం వస్తే సెట్టర్ అవుతాం.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్: మా దగ్గర టర్నర్ రెండేళ్ల కోర్సు. చదివి వెళ్లినవాడికి చాలా షాపుల్లో ప్రోగ్రామ్ మార్చడానికి కావాల్సిన ప్రొటెక్ట్ కీ కూడా ఇవ్వరు, అది సూపర్‌వైజర్ జేబులోనే ఉంటుంది. నేర్పితే పోతాడని వాళ్ల భయం. నేర్పకపోతే ఇంకా ముందే పోతాడు, నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

యజమాని: మా దగ్గరా అదే జరిగింది. జీతం పదో తారీఖు అనేవాళ్లం, పదిహేను అయ్యేది. ఇప్పుడు ఏడో తారీఖు దాటనివ్వడం లేదు. ప్రకటన కూడా మార్చాం: ‘రెండు యాక్సిస్ టర్నింగ్, ఫానక్ కంట్రోల్. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికి 18,500. ఓటీ డబుల్. ఆరు నెలల్లో ఆఫ్‌సెట్లు, ఏడాదిలో సెట్టింగ్.’ ఫోన్లు తగ్గాయి గానీ, చేసేవాళ్లు పని తెలిసినవాళ్లు.

యాంకర్: బెంగళూరు జీతంతో పోటీ పడగలరా?

యజమాని: పడలేం. పెళ్లికాని కుర్రాడు వెళ్తానంటే ఆపలేను. ఇక్కడ సొంతిల్లు ఉండి, తిరిగొద్దామనుకునేవాడే మాకు దొరుకుతాడు.

ఆపరేటర్: నేను అలా వచ్చినవాణ్ణే. అక్కడ నాలుగు వేలు ఎక్కువొచ్చేది. రూము, మెస్సు పోతే ఇంటికి పంపేది ఇక్కడికన్నా తక్కువ. అయినా ట్రయల్‌కి వచ్చిన రోజు వెనక్కి పోదామనుకున్నా. ఒక మెషిన్‌కి తలుపు తెరిస్తే ఆపేసే డోర్ స్విచ్ బైపాస్ చేసి, తలుపు తెరిచే నడుపుతున్నారు. ముక్కని పట్టుకునే చక్ తిరుగుతుంటే లోహపు చిప్ మొహం మీదికే ఎగిరొస్తుంది. అది చూశాక జీతం మాట ఎవరు వింటారు?

యజమాని: సైకిల్‌కి కొన్ని సెకన్లు కలిసొస్తాయని పెట్టింది. ఆ వారమే తీయించాను.

యాంకర్: ఇప్పుడు మీకు ఫోన్లు వస్తున్నాయా?

ఆపరేటర్: వస్తున్నాయి మేడం. జీతం ఏడుకే పడుతుంది, కీ మా చేతికిస్తారు అని చెప్తున్నా. నైట్ షిఫ్ట్‌లో క్యాంటీన్ లేదు, క్యారేజీ తెచ్చుకోమని కూడా చెప్తున్నా.