నాలుగు కిలోల లేసు పార్శిలు

అందరికీ నమస్కారమండీ. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ, వర్షం ముంచుకొస్తోంది, ఇక్కడున్న అక్కలు చాలామంది మొగల్తూరు అవతల నుంచి వచ్చారు, ఆఖరి ఆటో దొరకాలి. అందుకని నేరుగా విషయంలోకి వెళ్లిపోతాను.

మన నరసాపురం లేసుకి విదేశాల్లో కొనేవాళ్లను ఎలా పట్టుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను ముందు చెప్పాలనుకున్నది మాత్రం నా మొదటి పార్శిలు సంగతి. అది చెప్పకుండా మిగతాది చెబితే మీరూ అదే గోతిలో పడతారు.

జర్మనీలో చిన్న దుకాణం నడుపుకునే ఒకావిడ, టేబుల్ మీద వేసే గుండ్రటి డోయిలీలు 120 కావాలని అడిగింది. ఒక్కోటి 12 అంగుళాలు, తెల్లటి నూలు, ధర 6 యూరోలు. సగం డబ్బు, 360 యూరోలు, ముందే పంపింది. ఒక్కో ముక్క 30 గ్రాములు తూగితే మొత్తం 3 కిలోల 600 గ్రాములు, అట్టపెట్టెతో కలిపి నాలుగు కిలోల పైచిలుకు. ఎగుమతి అనగానే కంటైనరు, ఓడ, కాకినాడ పోర్టు అనుకుంటాం కదా, మనకు కావాల్సింది మాత్రం అంతే, ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లగలిగిన పెట్టె.

ఆ పెట్టెను బుక్ చేసినచోట, ఫారం నింపే మనిషి "గిఫ్ట్ అని రాసేద్దామండీ, విలువ 20 డాలర్లు వేద్దాం, అక్కడావిడకు పన్ను పడదు, అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు. నేను తలూపాను. అక్కడి కస్టమ్స్ వాళ్లు పెట్టె ఆపి, డబ్బు కట్టిన రుజువు చూపించమని ఆవిణ్ని అడిగారు. ఆవిడ చూపించిన ఆర్డరు కాగితంలో మొత్తం విలువ 720 యూరోలు, పెట్టె మీద 20 డాలర్లు, అదీ గిఫ్ట్! ఆవిడ తీసుకోనంది. పెట్టె తిరిగి మా ఇంటికి చేరేసరికి తొలకరి వచ్చేసింది, లోపలి లేసు చెమ్మపట్టి పసుపు తిరిగింది. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఒక్కో ముక్కకు దాదాపు ఒక రోజు కూర్చుని అల్లిన పని అది.

నష్టం అంతటితో ఆగలేదు. బ్యాంకులో 360 యూరోలు పడ్డాయి, అవి దేనికొచ్చాయని వాళ్లు అడిగారు. ఎగుమతికి అడ్వాన్సు అన్నాను. ఎగుమతి కాగితం ఏదీ అన్నారు. నా దగ్గర గిఫ్ట్ రసీదుంది. చూడండక్కా, మన లేసు ఎన్నో తరాలుగా దేశాలు దాటుతోంది, కానీ అల్లినవాళ్ల పేరు మీద ఒక్క కాగితం లేదు. ఏజెంటు పేరు మీద ఉంటుంది, ఆ ఏజెంటు ఇచ్చిన కంపెనీ పేరు మీద ఉంటుంది. గిఫ్ట్ అని రాసిన ప్రతిసారీ మనమే మన పేరు కొట్టేసుకుంటున్నాం. నా బాధంతా ఇదే.

రెండోసారి ఏం చేశానో చెబుతాను. ముందు ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కోడు నంబరు, తీసుకున్నాను. dgft.gov.in లో పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టి 500 రూపాయలు కడితే వస్తుంది, మధ్యవర్తి అక్కర్లేదు. నంబరు మన పాన్ నంబరే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అందులోకి వెళ్లి వివరాలు సరిచూసి మళ్లీ నమోదు చేయాలి. మార్పేమీ లేకపోయినా చేయాలి, లేదంటే పనిచేయకుండా ఆపేస్తారు. తర్వాత వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా, జీఎస్టీ నంబరు. జీఎస్టీ సైటులోనే ఏడాదికోసారి ఎల్‌యూటీ అనే హామీపత్రం వేస్తే, ఎగుమతి చేసే సరుకుకి ముందు పన్ను కట్టి తర్వాత వెనక్కి తెచ్చుకునే టెన్షన్ ఉండదు.

పార్శిలును పోస్టాఫీసు నుంచే పంపాను. తపాలా శాఖ ఎగుమతి పార్శిళ్ల కోసం డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలని పెట్టింది కదా, అక్కడ ఆన్‌లైన్‌లో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, అంటే కస్టమ్స్ వాళ్లకిచ్చే ఎగుమతి కాగితం, వేయాలి. అందులో ఐఈసీ, ఇన్‌వాయిస్ నంబరు, సరుకు వివరం, అసలు విలువ పెట్టాలి. సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే కోడు ఒకటుంటుంది, అల్లిన టేబుల్ గుడ్డలకు అది 630240 తో మొదలవుతుంది. "లేస్ ఐటమ్స్" అని ఊరికే రాయొద్దు, "చేత్తో క్రోషియా అల్లిన నూలు డోయిలీలు, 120" అని ఇంగ్లీషులో విడమర్చి రాయండి. ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, బిల్లులో సంఖ్య, విలువ, వర్ణన మూడూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. కస్టమ్స్ దాటిన ఆ బిల్లును ఇన్‌వాయిస్‌తో కలిపి బ్యాంకులో ఇస్తేనే, ముందొచ్చిన అడ్వాన్సు ఆ ఎగుమతికి జమ అవుతుంది. అడ్వాన్సు పడ్డప్పుడే, డబ్బు దేనికొచ్చిందో బ్యాంకుకి చెప్పే పర్పస్ కోడ్ P0103 అని చెప్పండి, వచ్చిన డబ్బుకి బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

దిగుమతి పన్ను ఎవరు కడతారో ధర చెప్పేటప్పుడే రాతలో పెట్టండి. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. పాత లెక్కతో ధర చెప్పినవాళ్లకు కొనేవాళ్లతో గొడవలయ్యాయి.

వెనక వరసలో తమ్ముడు మిర్చి, పసుపు సంగతి అడుగుతున్నాడు. చిన్న పొట్లమైనా తినే సరుకు దారి వేరు నాయనా. స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి, ఆహార భద్రతా లైసెన్సు కావాలి, కొన్ని దేశాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కూడా అడుగుతారు, అక్కడ పురుగుమందుల అవశేషాలు పరీక్షిస్తారు. అది ఇంకో రోజు కూర్చుని మాట్లాడదాం.

సరుకు గురించి చెప్పకపోతే కాగితాలు దండగ. మొదటి 120 ముక్కలు కొలిస్తే 11 నుంచి 13 అంగుళాల దాకా ఉన్నాయి. తొమ్మిది చేతులు, తొమ్మిది బిగువులు. పైగా నూలు రెండు దఫాలుగా కొన్నాను, లైటు కింద ఒకేలా కనపడింది, ఎండలో పెడితే ఒకటి నీలంగా, ఒకటి మీగడ రంగులో ఉంది. ఇప్పుడు నూలంతా ఒకే లాటులో కొంటాను, లేబులు మీద లాటు నంబరు చూసి. ప్రతి ఇంటికీ 12 అంగుళాల అట్ట చక్రం ఇస్తాను, అల్లాక దాని మీద పరిచి చూసుకుంటారు. ఉతికి, గంజి పెట్టి, తుప్పుపట్టని గుండుసూదులతో బల్ల మీద లాగి ఆరబెడతాం. మామూలు సూదులు ఒక్క రాత్రిలో ఎర్రటి మచ్చ పెడతాయి, మన గాలిలో ఉప్పు తక్కువేం కాదు. పొయ్యి దగ్గర ఆరేయొద్దు, పొగవాసన పెట్టె తెరవగానే తెలిసిపోతుంది.

కొనేవాళ్ల గురించి రెండు మాటలు చెప్పి దిగిపోతాను. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో హస్తకళల ఎగుమతి మండలి ఏడాదికి రెండుసార్లు సంత పెడుతుంది. ఒంటరిగా స్టాలు ఖర్చు మనకు బరువు, సంఘంగా వెళ్లొచ్చు. ఫోటోలు చూసి మనకు రాసేవాళ్లలో, నమూనాకు డబ్బిచ్చి, పోస్టు ఖర్చు తానే భరిస్తానన్నవాళ్లే నిజంగా కొంటారని నాకు అనుభవం. తొలి ఆర్డరే అయిదు వేల ముక్కలనీ, ముందు మీరు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలనీ అనేవాళ్లకు జవాబు కూడా రాయొద్దు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ముద్ర వేసుకోవాలంటే మాత్రం అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి, ఊరికే లేబులు మీద అచ్చేయకండి.

అట్ట చక్రాలు ఒక యాభై కత్తిరించి తెచ్చానండీ, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పాన్ కార్డు, చెక్కు తెచ్చుకున్నవాళ్లు అక్కడే కూర్చోండి, మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది, ఈ రోజే ఐఈసీకి వేసేద్దాం.