షుగర్ ఉన్న నాన్నగారికి ఏ హెల్త్ పాలసీ? రెండు ప్లాన్లు పక్కపక్కన

అందరికీ నమస్కారం. విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఒక అక్క రెండు పాలసీల కాగితాలు పంపారు. రెండూ 5 లక్షల కవరేజీవే. మొదటిదానికి ప్రీమియం ఏడాదికి 6 వేలు తక్కువ. ఇంట్లో నాన్నగారికి షుగర్, అమ్మగారికి కంట్లో శుక్లం మొదలైందని డాక్టర్ చీటీ మీద రాశారు.

వెయిటింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి 30 రోజులు యాక్సిడెంట్‌కి తప్ప దేనికీ క్లెయిమ్ రాదు, రెండింట్లోనూ అంతే. ముందు నుంచీ ఉన్న జబ్బులకు మొదటి ప్లాన్‌లో 36 నెలలు, రెండోదాంట్లో 24 నెలలు ఆగాలి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ రూల్ ప్రకారం 36 నెలలకు మించి పెట్టకూడదు. శుక్లానికి రెండు ప్లాన్లలోనూ 24 నెలలే అని రాసుంది కదా అని అక్క ధైర్యంగా ఉన్నారు. కానీ అమ్మగారి శుక్లం చీటీలోకి ఎక్కేసింది కాబట్టి అది ముందున్న జబ్బు కిందకి వస్తుంది. రెండు గడువుల్లో ఏది ఎక్కువైతే అదే వర్తిస్తుంది. అంటే మొదటి ప్లాన్‌లో మూడేళ్లు. ఆ తర్వాత కూడా కంటికి 25 వేలే ఇస్తారు.

అసలు దెబ్బ రూమ్ రెంట్ దగ్గర ఉంది. మొదటి ప్లాన్‌లో రోజుకి కవరేజీలో 1 శాతం, అంటే 5 వేలు. నాన్నగారు బండి మీద నుంచి పడి కాలు విరిగి, విశాఖలో 8 వేల రూమ్‌లో 4 రోజులు ఉన్నారనుకోండి. రూమ్‌కి 32 వేలు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000. మందులు, కాలికి వేసిన ప్లేటు, టెస్టులు 60 వేలు. మొత్తం 2,12,000.

రూమ్ తేడా 12 వేలే కదా, మనం కట్టుకుందాం అనుకుంటాం. అక్కడితో ఆగదండీ. 8 వేలలో 5 వేలకే అర్హత కాబట్టి సర్జన్, థియేటర్ ఖర్చులు కూడా అదే లెక్కన తగ్గిస్తారు. 1,20,000కి 75 వేలే వస్తుంది. మందులు, ప్లేటు, టెస్టులకు ఈ కోత వేయకూడదు. చివరికి వచ్చేది 1,55,000, మనం కట్టేది 57 వేలు. తొమ్మిదేళ్ల ప్రీమియం తేడా ఒక్క అడ్మిషన్‌లో పోయింది. రెండో ప్లాన్‌లో రూమ్ లిమిట్ లేదు, ఈ కోతే ఉండదు. అందుకే నా ఓటు రెండోదానికే.

ఏజెంట్ "షుగర్ రాయొద్దులెండి, ప్రీమియం పెరుగుతుంది" అంటే వినకండి. ఎప్పటి నుంచి ఉంది, ఏ మాత్ర వాడుతున్నారు, అన్నీ ప్రపోజల్ ఫారంలో రాయండి. దాచారని తేలితే క్లెయిమ్ ఆపేస్తారు, పాలసీ కూడా రద్దు చేయొచ్చు. పాలసీ చేతికొచ్చాక షుగర్, శుక్లం రెండూ అందులో నమోదయ్యాయో లేదో చూసుకోండి. లేకపోతే వెంటనే మెయిల్ పెట్టి సరిచేయించండి. షరతులు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల టైమ్ ఉంటుంది.