మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్కలతో మూడు అకౌంటింగ్ కాన్సెప్టులు: బిట్టులో ఏ మాట చూడాలి?

[బోర్డు మీద ఒకే పదం: తరుగుదల]

అందరికీ నమస్తే. నిన్న క్లాసులో దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది, ఈ వీడియో దాని కోసమే. "మేడమ్, తరుగుదల అంటే మ్యాచింగ్ అని మీరే చెప్పారు, అదే పెట్టాను, కీ లో మాత్రం గోయింగ్ కన్సర్న్ అని ఉంది, కీ తప్పా?" అంది. కీ తప్పు కాదు. అలాగని తను చదివింది కూడా తప్పు కాదు. బిట్టులో కనిపించిన వస్తువు పేరును బట్టి జవాబు పెట్టేసింది, ఆ వస్తువును ఏం చేశారో చెప్పే మాట దాకా వెళ్లలేదు. మార్కు పోయింది అక్కడే. గోయింగ్ కన్సర్న్, మ్యాచింగ్, కన్సర్వేటిజం, ఈ మూడింటిలో ఏది ఎప్పుడు పెట్టాలో ఇవాళ చూద్దాం.

ఒక మిల్లును ఊహించుకుందాం. మిర్యాలగూడ రోడ్డు మీద వెళ్తుంటే వరసగా రైస్ మిల్లులు కనిపిస్తాయి కదా, అలాంటిదే ఒకటి. ఓనరు 2024 ఏప్రిల్ 1న 12 లక్షలు పెట్టి ఒక మెషీన్ కొన్నాడు. అది పదేళ్లు పనిచేస్తుంది, ఆ తర్వాత దానికి విలువేమీ ఉండదు అనుకుందాం. ఏడాదికి 1,20,000 తరుగుదల. 2025 మార్చి 31న బ్యాలెన్స్ షీట్‌లో 10,80,000 అని చూపించాడు. అదే రోజు పాత సామాను కొనేవాడిని పిలిచి అడిగితే 5 లక్షలకు మించి ఇవ్వనన్నాడు.

మరి 5 లక్షలు అని ఎందుకు రాయలేదు? ఎందుకంటే ఆయన ఆ మెషీన్ అమ్మడం లేదు. వచ్చే సీజన్‌కూ మిల్లు నడుస్తుంది, ఆపై సీజన్‌కూ నడుస్తుంది, మెషీన్ ఉన్నది వడ్లు ఆడించడానికి. ఇప్పట్లో మిల్లు మూతపడదు అన్న నమ్మకం మీదే ఆ 10,80,000 నిలబడింది. ఇది గోయింగ్ కన్సర్న్, అంటే సంస్థ కొనసాగుతుందన్న భావన. బిట్టులో "ఇవాళ అమ్మితే వచ్చే ధరకు కాకుండా" అనో, "సమీప భవిష్యత్తులో మూసివేసే ఉద్దేశం లేదు" అనో ఉంటే ఇదే జవాబు. ఆస్తులను ఏళ్ల తరబడి వాడే స్థిరాస్తులు, ఏడాదిలోపు నగదుగా మారే చరాస్తులు అని విడదీయడం కూడా దీని మీదే ఆధారపడింది, వచ్చే నెల మూసేసే మిల్లుకు ఆ తేడా ఎందుకు?

ఇప్పుడు అదే మెషీన్, అదే 1,20,000, మాట మాత్రం మారుస్తాను. "మెషీన్ ఖరీదును కొన్న ఏడాదే మొత్తం ఖర్చు రాయకుండా, అది ఆదాయం తెచ్చే పదేళ్లకూ పంచారు." ఇక్కడ విలువ ఎంత అన్న గొడవే లేదు, ఏ ఏడాది ఆదాయానికి ఎంత ఖర్చు అన్నదే ప్రశ్న. కాబట్టి మ్యాచింగ్, మన తెలుగు పుస్తకాల్లో జతపరిచే భావన అంటారు.

[బోర్డు మీద: హమాలీ 18,000]

మార్చిలో అమ్మిన బియ్యం లారీలకు ఎత్తినందుకు హమాలీలకు 18,000 ఇవ్వాలి, చేతికి ఇచ్చింది ఏప్రిల్‌లో. అమ్మకం మార్చిలో పడింది కాబట్టి ఖర్చూ మార్చి 31తో ముగిసే ఏడాదిలోనే రాయాలి. బిట్టులో "ఇంకా చెల్లించని" అనో "ముందుగా చెల్లించిన" అనో కనిపిస్తే మ్యాచింగ్ కోసం చూడండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆప్షన్లలో అక్రూవల్ కూడా ఉండి, బిట్టులో నగదు ఎప్పుడు చెల్లించారన్నది పట్టించుకోకుండా నమోదు చేశారని మాత్రమే ఉండి, ఆదాయం ఊసే లేకపోతే, అక్రూవల్ వైపు వెళ్లండి. ఆదాయానికి ఎదురుగా ఖర్చును పెట్టినట్టు ఉంటేనే మ్యాచింగ్.

ఇక ముగింపు సరుకు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

మార్చి 31న గోడౌన్‌లో అమ్ముడుపోని బియ్యం 200 క్వింటాళ్లు ఉన్నాయి. క్వింటాలుకు 4,000 ఖర్చయింది, మొత్తం 8 లక్షలు. మార్కెట్‌లో ధర పడిపోయింది, అమ్మకం ఖర్చులు పోను క్వింటాలుకు 3,700 చేతికొస్తుంది, అంటే 7,40,000. పుస్తకాల్లో ఏది రాయాలి? 7,40,000. ఇంకా అమ్మనే లేదు, అయినా 60,000 నష్టాన్ని ఈ ఏడాదే ఒప్పుకోవాలి. ఇప్పుడు తిరగేసి చూడండి, ధర పెరిగి క్వింటాలుకు 4,300 వచ్చేలా ఉందనుకోండి. అప్పుడు 8,60,000 రాస్తామా? రాయం, 8 లక్షలే. రాబోయే నష్టం ఇవాళే లెక్కలోకి వస్తుంది, రాబోయే లాభం మాత్రం అమ్మేదాకా ఆగాలి. ఇదే కన్సర్వేటిజం, మితవాద సంప్రదాయం. ప్రూడెన్స్ అని ఆప్షన్‌లో ఉన్నా అదే. మన దేశంలో సరుకు విలువ గురించి చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 కూడా సరుకుకు అయిన ఖర్చు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చేది, ఈ రెండింటిలో తక్కువదే తీసుకోమంటుంది.

కానీ అదే సరుకు మీద ఇంకో బిట్ ఇలా రావచ్చు: "అమ్ముడుపోని సరుకు ఖరీదును ఈ ఏడాది ఖర్చులోంచి తీసేసి వచ్చే ఏడాదికి తీసుకెళ్లారు." ఇందులో రెండు ధరల పోలిక ఎక్కడా లేదు. బియ్యం అమ్మలేదు, ఆదాయం రాలేదు, కాబట్టి దాని ఖరీదు కూడా ఆదాయం వచ్చే ఏడాది దాకా ఆగుతుంది. మ్యాచింగ్! ముగింపు సరుకు అన్న రెండు మాటలు చూసి కన్సర్వేటిజం పెట్టినవాళ్లు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు.

చాలామంది కన్సర్వేటిజం అంటే ఆస్తిని ఎంత తగ్గించి చూపితే అంత మంచిదనుకుంటారు. అది కాదు. అదే బియ్యానికి 7,40,000 వస్తుందని తెలిసీ 5 లక్షలు రాస్తే ఈ ఏడాది లాభం కావాలని తగ్గించినట్టు, వచ్చే ఏడాది అది అమ్ముడుపోగానే లాభం ఊరికే ఉబ్బుతుంది. ఇలా దాచిన మొత్తాన్ని రహస్య నిల్వ అంటారు. "దీన్ని అతిగా పాటిస్తే ఏర్పడేది ఏది" అని అడిగితే జవాబు అదే.

[బోర్డు తుడిచి, కొత్తగా: రానిబాకీలు]

ఆఖరుగా రానిబాకీల ఏర్పాటు. మిల్లు ఓనరు ఒక వ్యాపారికి 4 లక్షల బియ్యం అప్పుమీద ఇచ్చాడు, మార్చి నాటికి ఆ వ్యాపారి ఫోన్ సరిగ్గా ఎత్తడం లేదు. డబ్బు మునిగిందని ఎవరూ తేల్చలేదు, అయినా ఓనరు 40,000 పక్కన పెట్టాడు. "రాకపోవచ్చు అన్న అనుమానంతో", "సంభవించగల నష్టానికి" అని బిట్టులో ఉంటే కన్సర్వేటిజం. "ఏ ఏడాది అమ్మకాల వల్ల ఆ బాకీ వచ్చిందో ఆ ఏడాదికే నష్టాన్ని చేర్చారు" అని ఉంటే మ్యాచింగ్. బిట్టులో ఏ కారణమూ చెప్పకుండా ఉత్తగా "రానిబాకీలకు ఏర్పాటు చేయడం" అని ఇచ్చి, ఆప్షన్లలో రెండూ పెడితే కన్సర్వేటిజమే పెట్టండి, పుస్తకాల్లో దానికి ఇచ్చే మొదటి ఉదాహరణ ఇదే కాబట్టి.

ఇప్పుడు ఒకటి మీకు వదులుతున్నాను, వీడియో ఆపి ఆలోచించండి. ఇదే మిల్లును ఏప్రిల్‌లో మూసేయాలని ఓనరు నిర్ణయించుకున్నాడు, మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో మెషీన్‌ను 10,80,000 కాకుండా 5 లక్షలకు చూపించాడు. తక్కువ విలువ కనిపించింది కదా అని కన్సర్వేటిజం అనకండి. ఇక్కడ అనుమానం లేదు, నిర్ణయం అయిపోయింది. మిల్లు నడుస్తుందన్న నమ్మకమే పోయింది కాబట్టి అమ్మితే వచ్చే విలువ లెక్కలోకి వచ్చింది. ఇక్కడ వర్తించకుండా పోయిన భావన ఏది అని అడిగితే, గోయింగ్ కన్సర్న్.