నూట ఐదు రాయమంటే

శ్రోతలకు నమస్కారం.

మూడో తరగతి పిల్లలకు పలకలు ఇచ్చి, "నూట ఐదు రాయండి" అని చెప్పి వరసల మధ్య తిరిగితే మూడు రకాల జవాబులు కనిపిస్తాయి. చాలామంది 105 అనే రాస్తారు. కొందరు ఒకటి, రెండు సున్నాలు, ఐదు రాస్తారు, అంటే 1005. ఒకరిద్దరు 15 రాస్తారు. తప్పు రాసిన వాళ్లందరిచేతా సరైన జవాబు పదిసార్లు రాయించడం మన బడుల్లో అలవాటు. అలా రాయిస్తే ఆ ఒక్క సంఖ్య వస్తుంది. మర్నాడు మూడు వందల ఎనిమిది చెప్పగానే 3008 పలక మీదికి వస్తుంది.

1005 రాసిన పిల్లవాడు ఏం చేశాడో చూడండి. నూరు అని వినగానే 100 వేశాడు. ఐదు అని వినగానే పక్కన 5 వేశాడు. విన్నది విన్నట్టు రాశాడు. నూట నలభై చెబితే 10040 రాస్తాడు. అతనికి నూరు తెలుసు, ఐదు తెలుసు. ఆ ఐదు వెళ్లి నూరులోని చివరి సున్నా చోట కూర్చుంటుందని మాత్రం తెలియదు. ఈ కూర్చోవడాన్ని నల్లబల్ల మీద ఎంత చెప్పినా నోటిమాటగానే ఉండిపోతుంది. పిల్లవాడు దాన్ని తన చేత్తో చేయాలి.

దానికి కావలసింది పాత శుభలేఖల అట్ట, కత్తెర, స్కెచ్ పెన్ను, స్కేలు. ఒక్కో అంకెకు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. 1 నుంచి 9 వరకు ఒకట్ల కార్డులు నాలుగు సెంటీమీటర్లవి. 10, 20 నుంచి 90 వరకు పదుల కార్డులు ఎనిమిది సెంటీమీటర్లవి. 100 నుంచి 900 వరకు వందల కార్డులు పన్నెండు సెంటీమీటర్లవి. ఎత్తు అన్నిటికీ ఒకటే, ఐదు సెంటీమీటర్లు చాలు. మొత్తం 27 కార్డులు. మాంటిస్సోరి బడుల్లో ఇలాంటి సంఖ్యా కార్డులు చాలాకాలంగా వాడుతున్నారు. మనం చేసుకునేది దాని చవక రూపం.

ఇప్పుడు నూట ఐదు చెప్పండి. పిల్లవాడు 100 కార్డు తీసి బల్ల మీద పెడతాడు. 5 కార్డు తీసి, కుడి అంచులు కలిసేలా దాని మీద పెడతాడు. చివరి సున్నా మూసుకుపోయి 105 కనిపిస్తుంది. అప్పుడు "ఐదు కింద ఏముంది?" అని అడగండి. కార్డు ఎత్తి చూసి "సున్నా" అంటాడు. నూరు ఎక్కడికీ పోలేదు, కిందే ఉందని అతని కళ్లకు కనబడుతుంది. తర్వాత 347 ఇవ్వండి. మూడు కార్డులూ పేర్చి, మళ్లీ విడదీస్తే 300, 40, 7 వస్తాయి. పాఠ్యపుస్తకంలో విస్తరణ రూపం అని ఉండేది ఇదే.

తేడా వచ్చేది రెండు చోట్ల. అంకెల వెడల్పు సమానంగా లేకపోతే పై కార్డు కింది సున్నాను సగమే మూస్తుంది, పిల్లలు తికమకపడతారు. అందుకే ముందు పెన్సిలుతో గళ్లు గీసుకుని, ఆ గళ్లలోనే అంకెలు రాయాలి. రెండోది, కొందరు ఎడమ అంచులు కలుపుతారు. అప్పుడు 5 వెళ్లి 1 మీద కూర్చుని 500 అవుతుంది. ప్రతి కార్డు కుడి అంచున ఎర్రగీత గీసి, గీత మీద గీత రావాలని చెబితే ఇది ఆగిపోతుంది. కార్డులు ఒకరే పేర్చి నలుగురు చూస్తే లాభం లేదు. ఇద్దరికి ఒక కట్ట ఉండాలి.

15 రాసిన పాపకు మాత్రం ఈ కార్డులు ముందుగా ఇవ్వకండి. ఆ పాపకు లోపించింది వేరు. ఖాళీ స్థానానికి సున్నా వేయాలన్నది ఆమెకు తెలియదు. చీపురు పుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయించండి. అలాంటి పది కట్టలు కలిపి పెద్ద కట్ట. కాగితం మీద వందలు, పదులు, ఒకట్లు అని మూడు గళ్లు గీయండి. నూట ఐదుకు పెద్ద కట్ట ఒకటి, విడి పుల్లలు ఐదు. మధ్య గడి ఖాళీ. ఖాళీ అని చెప్పడానికి ఆ గడిలో ఏం రాయాలో ఆమెనే అడగండి. కట్టలు పిల్లలే కట్టాలి. తొమ్మిది పుల్లలకే బ్యాండు వేసిన కట్ట దొరికితే విప్పించి మళ్లీ లెక్కపెట్టించండి, పది కలిస్తేనే ఒక పది అని గట్టిగా తెలిసేది అక్కడే.

పుల్లలు ఎన్ని ఉన్నాయో చూపిస్తాయి, ఎలా రాయాలో చూపవు. కార్డులు రాయడం చూపిస్తాయి, నూరు ఎంత పెద్దదో చూపవు. అందుకే పుల్లల పని అయ్యాక ఆ పాపకూ కార్డులు ఇచ్చి, కట్టల పక్కనే పేర్చమనండి.

పిల్లలు కార్డులకు అలవాటుపడి, అవి లేకుండా రాయలేకపోవడం కూడా జరుగుతుంది. కాబట్టి రెండోవారం నుంచి ముందు పలక మీద రాయించి, తర్వాత కార్డులతో సరిచూసుకోమనండి. 140, 308, 270, 506 లాంటివి కలిపి చెప్పండి. నాలుగూ సరిగ్గా వస్తే వెయ్యి కార్డు చేసే సమయం వచ్చినట్టే. దాని వెడల్పు పదహారు సెంటీమీటర్లు.