భుజం వెనక నీళ్ల క్యాన్: వెనకున్న బ్లర్ చెడకుండా ఫోటోలోంచి వస్తువు తీసెయ్యడం

[తెర మీద: ఫోటో నిండుగా. నాలుగు సెకన్లు మాటల్లేవు.]

చూశారా? చూసే ఉంటారు. పిల్ల మొహం కన్నా ముందు మీ కళ్లు ఆ నీలం మీదికే పోయుంటాయి.

ఇది మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. బెంగళూరు మారతహళ్లిలో ఓ చిన్న హాలు. 85 ఎంఎం లెన్స్, f/1.8, ISO 3200. పిల్ల నాకు 2 మీటర్ల దూరంలో నిలబడింది. వెనక గోడ 8 మీటర్ల దూరంలో, దాని మీద సీరియల్ లైట్లు. ఈ రెండింటికీ మధ్య, నాకు 4 మీటర్ల దూరంలో, స్టాండు మీద 20 లీటర్ల నీళ్ల క్యాన్. బెంగళూరులో క్యాన్ లేని హాలు దొరకదు, అది సరే. తీసేటప్పుడు నేను చూసుకోవద్దూ? ఫోకస్ కంటి మీద పడిందా లేదా అన్న ధ్యాసలో చూడలేదు.

రాత్రి ఫోటోలు పంపాను. పావుగంటలో అక్క ఫోన్. "ఒరేయ్, ఫోటో బంగారంలా ఉంది గానీ, పిల్ల భుజం మీద ఆ క్యాన్ ఏంట్రా?"

తీసేద్దాంలే అనుకున్నాను. ఫోటోషాప్‌లో నీలం కనిపించినంత మేరా సెలెక్ట్ చేసి, Content-Aware Fill కొట్టి పంపేశాను. మళ్లీ ఫోన్. "క్యాన్ పోయింది రా. దాని దయ్యం మిగిలింది."

[తెర మీద: ఆ మొదటి ప్రయత్నం. భుజం పక్కన లేత నీలం పొగ, సగం తెగిన వెలుగు బిళ్లలు.]

నిజమే. ఈ దయ్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మిగతా పనంతా తేలిక. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఫోకస్‌లో ఉన్న వస్తువుకి అంచు ఒక గీత. ఫోకస్ తప్పిన వస్తువుకి అంచు ఒక పట్టీ. ఆ పట్టీ ఎంత వెడల్పో తెలుసుకోవాలంటే, ఆ దూరంలో చిన్న బల్బు ఉంటే ఎంత బిళ్లగా పడేదో చూడాలి. రెండూ ఒకటే. 85ని 1.8తో భాగిస్తే లెన్స్ నోరు 47 మిల్లీమీటర్లు. 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే పిల్ల సెన్సర్ మీద 0.044 రెట్ల సైజులో పడుతుంది. D అంటే కెమెరా నుంచి వస్తువుకి దూరం, మీటర్లలో.

```
బిళ్ల వ్యాసం (మి.మీ.) = 47 × 0.044 × (D − 2) / D
```

నా ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో 36 మిల్లీమీటర్లకి 6000 పిక్సెళ్లు. అంటే ఈ లెక్కన గోడ మీది లైట్లు సుమారు 260 పిక్సెళ్ల బిళ్లలు కావాలి, క్యాన్ అంచు సుమారు 175 పిక్సెళ్ల పట్టీ కావాలి. రూలర్ పెట్టి ఒక లైటు బిళ్లని కొలిచాను, 258 వచ్చింది. మీరు లెక్క వెయ్యకపోయినా పర్లేదు, ఫోటోలో ఉన్న బిళ్లని కొలిస్తే చాలు.

ఇప్పుడు ఆ 175 పిక్సెళ్ల పట్టీలో క్యాన్ రంగు, గోడ రంగు కలిసి ఉన్నాయి. లోపలి చివర పూర్తి నీలం, బయటి చివర పూర్తి గోడ, మధ్యలో పాలలో నీళ్లు కలిసినట్టు. మన కన్ను ఆ పట్టీ నడిమధ్యనే అంచు అనుకుంటుంది. నేను అక్కడే సెలెక్ట్ చేశాను. అవతల ఇంకో 88 పిక్సెళ్ల నీలం మిగిలింది. పైగా ఆ నీలాన్నే ఆధారంగా తీసుకుని ఫోటోషాప్ లోపల నింపింది. దయ్యం అదీ.

[తెర మీద: పైన ఒక Curves లేయర్, గీత నిట్టనిలువుగా లాగినట్టు. నీలం పొగ ఎంత దూరం పాకిందో ఇప్పుడు కనిపిస్తుంది.]

అందుకని మొదట ఇలా ఒక Curves లేయర్ పెట్టి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచండి. ఇది చూసుకోవడానికే, చివర్లో తీసేస్తాం. నీలం ఎక్కడ నిజంగా ఆగిందో అక్కడిదాకా సెలెక్షన్ పోవాలి. ఒక్క పిల్ల వైపు మాత్రం అలా కాదు. భుజం క్యాన్‌కి ముందుంది, ఫోకస్‌లో ఉంది, కాబట్టి అక్కడ అంచు నిజంగా గీతే. దాన్ని పెన్ టూల్‌తో జాగ్రత్తగా కత్తిరించి మాస్కు చేసుకోండి. ఆ మాస్కు చివరిదాకా మనతోనే ఉంటుంది.

ఇంకో సంగతి. నాకూ ఆలస్యంగానే తట్టింది.

[తెర మీద: క్యాన్ పక్కన ఒక లైటు బిళ్ల, పెద్దది చేసి.]

ఈ బిళ్ల చూడండి. ఎవరో ఓ పక్క కొరికిన అప్పడంలా ఉంది కదా. బల్బు నుంచి వచ్చే వెలుగు లెన్స్ నోరంతా నిండితేనే నిండు బిళ్ల పడుతుంది. దారిలో క్యాన్ కొంత వెలుగుని అడ్డుకుంది, ఆ మేరకు బిళ్ల తెగింది. క్యాన్ తీసేసి ఈ కొరికిన బిళ్లని వదిలేస్తే, ఏదో తప్పుందని చూసేవాళ్లకి తెలుస్తుంది గానీ ఏంటో చెప్పలేరు. ఇలాంటివి నీలం పొగకి అవతల కూడా కొంత మేర కనిపిస్తాయి. అన్నిటినీ సెలెక్షన్‌లో కలుపుకోండి. నా ఫోటోలో మూడు ఉన్నాయి.

సరే, ఖాళీ అయింది. ఏం నింపాలి?

క్యాన్ వెనక ఉన్నవి క్రీమ్ రంగు గోడ, మెరూన్ కర్టెన్, రెంటికీ మధ్య నిలువు గీత. క్యాన్ పైన ఆ గీత కనిపిస్తోంది, కింద స్టాండు, ఆ కింద ఫ్రేమే అయిపోయింది. గోడ భాగం క్లోన్ స్టాంప్‌తో, మెత్తటి బ్రష్‌తో అయిపోతుంది. అదే ఎత్తులో ఉన్న గోడ నుంచి తీసుకోండి, ఎందుకంటే హాల్లో వెలుగు పై నుంచి కిందికి తగ్గుతూ వస్తుంది. హీలింగ్ బ్రష్ మాత్రం భుజం దగ్గర వద్దు. అది పక్కనున్న ఓణీ ఆకుపచ్చని గోడ మీదికి లాక్కొస్తుంది.

గీత దగ్గర క్లోన్ చేస్తే వంకర వస్తుంది. దానికి నేను చేసేది వేరు. విడిగా కొత్త ఫైలు తెరుస్తాను, అందులో క్రీమ్, మెరూన్ రెండు రంగులు, మధ్యన కత్తితో కోసినట్టు గీత. పిల్ల అందులో ఉండదు. దాని మీద Filter > Blur > Lens Blur. గాసియన్ ఎందుకు కాదంటే, దాని పట్టీకి చివర్లు లేవు, కరిగిపోతూ పోతుంది. లెన్స్ చేసిన పట్టీకి మొదలూ చివరా ఉంటాయి. పైన ఉన్న అసలు గీతకి అతికించగానే తేడా పట్టేస్తారు.

ఒక చిక్కుంది. Radius 100 దాటదు, మనకి కావలసిన బిళ్ల సగం 130. అందుకని ఆ ఫైలుని సగం సైజులో చేసి, 65 దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత రెట్టింపు చేసుకోండి. మొత్తం బ్లరే కాబట్టి పెంచినా పోయేదేం లేదు. అంకె సరిపోయిందో లేదో చూడ్డానికి, నల్లటి చోట ఒక్క తెల్ల చుక్క పెట్టి అదే బ్లర్ కొట్టండి. పడిన బిళ్ల కనిపించనంత మసగ్గా ఉంటుంది, Levels తో వెలుగు బాగా పెంచి చూడండి, 130 వెడల్పుంటే సరే. ఇదంతా 16 బిట్లలోనే చెయ్యండి, 8లో గోడ మెట్లుమెట్లుగా వస్తుంది.

[తెర మీద: గోడా కర్టెన్ అతికాయి. సీరియల్ లైట్ల వరస మాత్రం మధ్యలో పళ్లూడినట్టు ఉంది.]

ఇప్పుడు పోయిన లైట్లు. చుక్కలు పెట్టి బ్లర్ చేస్తే బిళ్లలు వస్తాయి కదా అంటారు. వస్తాయి, కానీ చచ్చిన బిళ్లలు. అసలు బల్బు ఆ తెల్ల చుక్క కన్నా ఎన్నో రెట్లు ప్రకాశం, మన ఫైల్లో తెలుపుకి మించింది లేదు. కాబట్టి బిళ్లల్ని నేరుగా గియ్యడమే మేలు. గుండ్రటి సెలెక్షన్, 260 పిక్సెళ్లు, పక్క బిళ్ల రంగు, లేయర్ మోడ్ Screen. Feather రెండు మూడు పిక్సెళ్లు చాలు. బిళ్ల అంచు పదునుగానే ఉంటుంది, ముప్ఫై పెడితే దూది ఉండ అవుతుంది. రెండు బిళ్లలు ఒకదాని మీదొకటి పడ్డచోట వెలుగు పెరగాలి. Screen వల్ల అది దానంతటదే జరుగుతుంది.

గుండ్రం అన్నాను గానీ, అది ఫ్రేము మధ్యలోనే. అంచులకి పోయేకొద్దీ బిళ్ల పిల్లి కన్నులా నొక్కుకుపోతుంది. లెన్స్ గొట్టం ఆ పక్క వెలుగుని కొంత కోసేస్తుంది కాబట్టి. ఆ నొక్కు ఎప్పుడూ ఫ్రేము కేంద్రం వైపుకి ఉంటుంది, బిళ్ల పొడవు దానికి అడ్డంగా. అందుకే అంచు దగ్గరి బిళ్లల్ని నేను గియ్యను. అవతలి పక్క, కేంద్రానికి అంతే దూరంలో, అంతే ఎత్తులో ఉన్న బిళ్లని కాపీ చేసి Flip Horizontal కొడతాను. ఊరికే జరిపితే వాలు తప్పుతుంది.

ఇక జుట్టు. చెవి పక్క నుంచి ఎగిరిన వెంట్రుకల మధ్య ఇంకా నీలం ఉంది. ఒక్కో వెంట్రుకా కత్తిరించే ఓపిక నాకు లేదు. అసలు ఫోటో నుంచి ఆ జుట్టు ముక్కని పైన కొత్త లేయర్‌గా పెట్టి, Desaturate చేసి, Levels లో తెల్ల స్లైడరుని ఎడమకి లాగుతూ రండి. బూడిద రంగైన క్యాన్ పూర్తిగా తెల్లబడాలి, వెంట్రుకలు నల్లగానే ఉండాలి. తర్వాత మోడ్ Multiply. తెలుపు మాయమై వెంట్రుకలు మాత్రం గోడ మీద నిలుస్తాయి. నల్ల జుట్టు, లేత గోడ కాబట్టి కుదిరింది. ఆ వెంట్రుకల వెనక క్యాన్ బదులు మెరూన్ కర్టెన్ లాంటి ముదురు రంగు ఉండుంటే, అది తెల్లబడేలోపు వెంట్రుకలూ తెల్లబడేవి, ఈ ఉపాయం పారేది కాదు.

[తెర మీద: 200 శాతం జూమ్. ఎడమ అసలు గోడ, గరుకుగా. కుడి మనం నింపింది, గాజులా నున్నగా.]

ISO 3200 కదా, బ్లర్ ఉన్నచోట కూడా గ్రెయిన్ ఉంటుంది. బ్లర్ లెన్స్‌లో అయింది, గ్రెయిన్ ఆ తర్వాత సెన్సర్‌లో వచ్చింది. క్లోన్ చేసిన భాగంతో పాటు గ్రెయిన్ కూడా వచ్చేసింది. బ్లర్ కొట్టిందీ గీసిందీ నున్నగా ఉన్నాయి. వాటికి మాత్రమే Add Noise, Gaussian, 3 దగ్గర మొదలుపెట్టి, మీద అర పిక్సెల్ బ్లర్. ఆ అర పిక్సెల్ లేకపోతే ఇసుక చల్లినట్టుంటుంది. ఇది వదిలేస్తే వాట్సాప్‌లో బయటపడుతుంది. అది ఫోటోని కుదించినప్పుడు నున్నటి భాగం చారలు కడుతుంది, పక్కది కట్టదు.

ఇదంతా క్యాన్ పిల్ల వెనక ఉంది కాబట్టి. అదే క్యాన్ పిల్లకి ముందు, బ్లర్‌గా ఉండుంటే, ఆ నీలం పొగ మొహం మీదే పడేది, దాని నడిమధ్య ఉన్న మొహం ఫైల్లో ఎక్కడా ఉండదు. అప్పుడు వేరే ఫోటో వెతుక్కోవడమే.

అక్కకి 12×18 ప్రింటు వేయించి ఇచ్చాను. తను కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, బాగుందంది. నాకు మాత్రం కుడివైపు పై నుంచి రెండో బిళ్ల కనిపిస్తూనే ఉంది.

[తెర మీద: ఆ బిళ్ల, పెద్దది చేసి. పక్క బిళ్లలన్నీ ఒక వైపుకి వాలితే అదొక్కటే ఎదురు వైపుకి.]

ఫ్లిప్ కొట్టడం మర్చిపోయాను.