6 శాతం గ్రోత్ ఎక్కడి నుంచి వచ్చింది?

[స్క్రీన్ మీద: ఒకే షేరు, పక్కపక్కన రెండు ధరలు, రూ. 318, రూ. 219]

ఒకే కంపెనీ, ఒకే యాన్యువల్ రిపోర్ట్, ఒకే ఫార్ములా. ఒకరు లెక్కేస్తే షేరు విలువ 318 రూపాయలు వచ్చింది, ఇంకొకరికి 219. ఇద్దరి లెక్కలోనూ కూడికలు, భాగహారాలు కరెక్టే. ఒకరు గ్రోత్ 6 శాతం అనుకున్నారు, ఇంకొకరు మూడున్నర అనుకున్నారు, అంతే తేడా. మరి ఆ నంబరు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

[స్క్రీన్ మీద]
```
P0 = D1 / (r - g)
g  = ROE × b
```

మొదటిది గోర్డన్ గ్రోత్ మోడల్, మైరన్ గోర్డన్ పేరు మీద పిలుస్తారు. వచ్చే ఏడాది డివిడెండ్‌ని, మనం కోరుకునే రాబడిలోంచి గ్రోత్ తీసేసిన దానితో భాగిస్తాం. దీన్ని సింగిల్ స్టేజ్ అని ఎందుకు అంటారంటే, డివిడెండ్ ఇవాళ్టి నుంచి ఎప్పటికీ ఒకే రేటుతో పెరుగుతూ పోతుందని అనుకుంటాం కాబట్టి. ఎప్పటికీ అనే మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దాంతో పని పడుతుంది.

రెండో లైను గ్రోత్ ఎంతో చెబుతుంది. ఆర్‌ఓఈ అంటే వాటాదారుల సొమ్ము మీద కంపెనీ ఏడాదికి సంపాదించే శాతం, బి అంటే ఆ లాభంలో డివిడెండ్‌గా పంచకుండా లోపలే ఉంచుకున్న వాటా, అదే రిటెన్షన్ రేషియో.

ఒక కంపెనీ ఊహించుకుందాం, నంబర్లు నేనే పెడుతున్నా. ఏడాది మొదట్లో షేరుకి బుక్ వాల్యూ, అంటే కంపెనీ లెక్కల్లో ఒక్కో షేరు వంతుకి వచ్చే వాటాదారుల సొమ్ము, 200 రూపాయలు. ఆ ఏడాది షేరుకి లాభం 30. అందులో 18 డివిడెండ్‌గా ఇచ్చేశారు, 12 ఉంచుకున్నారు. ఆర్‌ఓఈ 15 శాతం, రిటెన్షన్ 40 శాతం, రెండూ గుణిస్తే గ్రోత్ 6 శాతం.

[స్క్రీన్ మీద: 200 ఉన్న గల్లాపెట్టెలోకి 12 వచ్చి పడుతుంది, 212 అవుతుంది]

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది ఫార్ములా బట్టీ పట్టేసి ఇది చూడరు. ఉంచుకున్న 12 కలిస్తే బుక్ వాల్యూ 212. దాని మీద కూడా అదే 15 శాతం సంపాదిస్తే వచ్చే ఏడాది లాభం 31 రూపాయల 80 పైసలు. 30 నుంచి 31.80, సరిగ్గా 6 శాతం. అందులో మళ్లీ 60 శాతం పంచితే డివిడెండ్ 19.08, అదీ 18 మీద 6 శాతమే. అంటే కొత్త షేర్లు అమ్మకుండా, అప్పుకీ సొంత సొమ్ముకీ ఉన్న నిష్పత్తి మార్చకుండా, ఉంచుకున్న డబ్బుతోనే కంపెనీ ఎంత పెరగగలదో అదే ఈ 6 శాతం. అప్పు అసలు పెరగదని కాదండోయ్, అదీ ఏడాదికి 6 శాతం చొప్పున పెరుగుతుంది.

మనం కోరుకునే రాబడి 12 శాతం అనుకుంటే 19.08ని 0.06తో భాగించాలి, 318 వస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్తాను. మొదట్లో ఎక్సెల్‌లో ఆర్‌ఓఈ కట్టేటప్పుడు ఏడాది చివరి బ్యాలెన్స్ షీట్ చేతికి దొరికింది కదా అని 30ని 212తో భాగించేశాను. 14.15 శాతం. గ్రోత్ 5.66, విలువ దాదాపు 300. పద్దెనిమిది రూపాయలు ఎటుపోయాయో అర్థంకాక చాలాసేపు తల పట్టుకున్నాను. ఉంచుకున్న 12 ఏడాది చివర్లో చేరింది, ఆ ఏడాది లాభం సంపాదించింది మొదట్లో ఉన్న 200. కాబట్టి ఈ ఫార్ములాకి ఏడాది మొదటి ఈక్విటీయే వాడాలి. అనుమానం ఉంటే ఉంచుకున్న లాభాన్ని మొదటి ఈక్విటీతో నేరుగా భాగించి చూసుకోండి, 12 బై 200.

మరి 219 ఎలా వచ్చింది? ఆ రెండో ఆయన లాభనష్టాల పట్టీలో ఇంకో లైను చదివాడు, "ఎక్సెప్షనల్ ఐటమ్స్". 30 రూపాయల లాభంలో 5 రూపాయలు పాత ఫ్యాక్టరీ స్థలం అమ్మితే వచ్చినవి. స్థలం ప్రతి ఏడాదీ అమ్మరు కదా! అది తీసేస్తే లాభం 25, ఆర్‌ఓఈ పన్నెండున్నర. డివిడెండ్ అదే 18 కాబట్టి మామూలు లాభంలో మిగిలేది 7, రిటెన్షన్ 28 శాతం. గ్రోత్ మూడున్నర శాతం. 18.63ని 0.085తో భాగిస్తే 219. ఒక్క స్థలం అమ్మకం వల్ల షేరు విలువలో దాదాపు వంద రూపాయల తేడా వచ్చిందంటే, 5 రూపాయలు ఆర్‌ఓఈనీ పెంచాయి, రిటెన్షన్‌నీ పెంచాయి, అంటే దెబ్బ రెండు వైపుల నుంచి పడింది. నా ఓటు ఈయనకే.

[స్క్రీన్ మీద: "డివిడెండ్ తగ్గిస్తే గ్రోత్ పెరుగుతుంది. మంచిదేనా?"]

ఇప్పుడు అసలు మజా ఉన్న చోటు. ఫార్ములా చూస్తే, ఎక్కువ ఉంచుకుంటే గ్రోత్ పెరుగుతుంది, గ్రోత్ పెరిగితే ధర పెరుగుతుంది అనిపిస్తుంది. కానీ ఉంచుకున్న ప్రతి రూపాయీ పైనున్న డివిడెండ్‌లోంచి తగ్గుతుంది, కాబట్టి గ్రోత్ ఒక్కటే మార్చి డివిడెండ్‌ని ముట్టుకోకపోతే అది మోసపు లెక్క.

బుక్ వాల్యూ 212 దగ్గరే నిలబడి చూద్దాం. ఆర్‌ఓఈ సరిగ్గా 12, అంటే మనం కోరుకునే రాబడితో సమానం అనుకోండి. వచ్చే ఏడాది లాభం 25.44. 40 శాతం ఉంచుకుంటే డివిడెండ్ 15.26, గ్రోత్ 4.8, విలువ 212. 60 శాతం ఉంచుకుంటే డివిడెండ్ 10.18కి పడిపోతుంది, గ్రోత్ 7.2కి ఎక్కుతుంది, విలువ మళ్లీ 212! గ్రోత్ ఒకటిన్నర రెట్లయింది, వాటాదారుడికి పైసా కలిసిరాలేదు.

ఆర్‌ఓఈ 10 అయితే ఇంకా ఘోరం. 40 శాతం ఉంచుకుంటే 159, 60 శాతం ఉంచుకుంటే 141. కంపెనీ పెరుగుతూనే ఉంటుంది, షేరు విలువ తరుగుతుంది, ఎందుకంటే మన 12 శాతం డబ్బుని తీసుకెళ్లి 10 శాతం పనిలో పెడుతున్నారు. ఆర్‌ఓఈ 12 దాటితేనే ఎక్కువ ఉంచుకోవడం లాభం, 15 ఉన్నప్పుడు 60 శాతం ఉంచుకుంటే ఆ 318 కాస్తా 424 అవుతుంది.

ఆ 424ని మాత్రం నమ్మకండి. అక్కడ గ్రోత్ 9 శాతం, రాబడి 12, కింద మిగిలింది 3 శాతమే. ఆ 3 కాస్తా రెండున్నర అయితే చాలు, ధర 85 రూపాయల దాకా కదిలిపోతుంది. పైగా ఏడాదికి 9 శాతం చొప్పున *ఎప్పటికీ*? దేశ ఆర్థిక వ్యవస్థ దీర్ఘకాలంలో పెరిగే వేగాన్ని ఒక కంపెనీ ఎప్పటికీ దాటుకుంటూ పోతే, చివరికి దేశమంతా ఆ కంపెనీయే అయిపోవాలి.

మన పెద్ద ఐటీ కంపెనీల్లో టీసీఎస్ ఆర్‌ఓఈ 40 శాతం దాటుతుంది. 45 శాతం ఆర్‌ఓఈకి 40 శాతం రిటెన్షన్ కలిపితే గ్రోత్ 18 శాతం, 12లోంచి 18 తీస్తే మైనస్, ధర కూడా మైనస్‌లో వస్తుంది. అలాంటి చోట ముందు బైబ్యాక్ సంగతి చూడండి. టీసీఎస్ 2017లో 16,000 కోట్ల రూపాయల షేర్లు తిరిగి కొనింది, అలాంటి డబ్బు కంపెనీలో మిగలదు కదా, దాన్నీ డివిడెండ్‌తో పాటు పంచినట్టే లెక్కేస్తే రిటెన్షన్ బాగా తగ్గుతుంది. అప్పటికీ గ్రోత్ పది దాటుతుంటే ఈ ఒక్క దశ ఫార్ములా పక్కన పెట్టి, మొదటి కొన్నేళ్లు ఒక గ్రోత్, ఆ తర్వాత ఆర్‌ఓఈ దిగి వచ్చాక ఇంకో గ్రోత్ పెట్టే రెండు దశల లెక్కకి వెళ్లండి.