పొలమారిన దగ్గు ఆగిపోతే

శ్రోతలకు నమస్కారం. కనిగిరి దగ్గర ఒక పల్లెలో ఏడాదిన్నర పిల్లవాడు ఉన్నాడనుకోండి. వాళ్లమ్మ వేయించిన వేరుశెనగ గింజలు చేటలో పోసి పొట్టు చెరుగుతోంది. వాడు గుప్పెడు తీసి నోట్లో వేసుకుని, నవ్వుతూ పరిగెత్తాడు. ఉన్నట్టుండి పొలమారింది. ముఖం కందిపోయి, కళ్ల నీళ్లు కారేదాకా దగ్గాడు. కాసేపటికి దగ్గు ఆగింది, మళ్లీ ఆటలో పడ్డాడు. గండం గడిచిందనుకున్నారు ఇంట్లోవాళ్లు.

గడవలేదు. గింజ గొంతు దాటి, ఊపిరితిత్తిలోకి వెళ్లే గొట్టంలో కుదురుకుంది, అంతే. ఈ వయసుకు గింజను నలిపే దవడ పళ్లు పూర్తిగా రావు, అందుకే ముక్క ముక్కగానే జారుతుంది. రెండు మూడు రోజులకు తడికి ఉబ్బుతుంది, దాని నూనె గొట్టం లోపలి పొరను రేపుతుంది. అప్పుడు దగ్గు, ఒక పక్కనే పిల్లికూతలు, జ్వరం మొదలవుతాయి. జలుబని మందులు వాడతారు. ఎక్స్‌రేలో గింజ కనపడదు, ఫిల్మ్ మామూలుగా ఉన్నా ఉండొచ్చు. కాబట్టి “ఫలానా రోజు గింజలు తింటూ పొలమారింది” అన్న అమ్మ మాటే డాక్టరుకు పెద్ద ఆధారం. అడగకపోయినా చెప్పండి.

పొలమారిన క్షణంలో, బిడ్డ గట్టిగా దగ్గుతున్నా ఏడుస్తున్నా దగ్గనివ్వండి. గొంతు పెగలక, దగ్గూ రాక, పెదాలు నీలబడితే మాత్రం వెంటనే ముందుకు వంచి, వీపు మీద, రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే వెనక మోకాళ్ల మీద కూర్చుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఇవి మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. అరటిపండో అన్నం ముద్దో మింగించినా లాభం లేదు. అది పొట్టలోకి పోతుంది, గింజ ఉన్నది ఊపిరిగొట్టంలో. పైగా పొట్ట నిండుగా ఉంటే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది.

గింజను తీసేది బ్రాంకోస్కోపీతో. బిడ్డకు పూర్తి మత్తిచ్చి, సన్నని గట్టి లోహపు గొట్టాన్ని నోటి గుండా ఊపిరిగొట్టంలోకి దించుతారు. కోత ఉండదు. ఆక్సిజన్ ఆ గొట్టం గుండానే అందుతుంది. కెమెరాలో చూస్తూ పొడవాటి పట్టకారుతో గింజను పట్టుకుంటారు. గట్టిగా నొక్కితే నానిన గింజ చితుకుతుంది, వదులుగా పడితే స్వరతంతువుల దగ్గర జారిపోతుంది. అందుకే గింజ, పట్టకారు, గొట్టం మూడూ కలిపి ఒకేసారి వెనక్కి లాగుతారు. దారిలో జారి ప్రధాన గొట్టాన్నే మూస్తే, దాన్ని మళ్లీ ఒక పక్కకు నెట్టి, రెండో ఊపిరితిత్తికి గాలి ఆడనిచ్చి తిరిగి ప్రయత్నిస్తారు. బయటికి వచ్చాక గొట్టం మళ్లీ దించి రెండు పక్కలా చూస్తారు, ఎందుకంటే ఆ రోజు నోట్లో వేసుకున్నది ఒక్క గింజ కాదు.